మా ఇంటి నూనె లెక్క

పోయిన నెలలో మా మరిది ఉప్పల్ వైపు ఒక గానుగ నుంచి ఐదు లీటర్ల కొబ్బరి నూనె డబ్బా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. అంతకు వారం ముందే మా వారి రక్త పరీక్ష ఫలితం వచ్చింది. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 142. ఇప్పుడే మందు వద్దు, మూడు నెలలు తిండి మార్చి మళ్ళీ చూద్దామని డాక్టరుగారు అన్నారు. చీటీ చివర "నూనె తగ్గించండి" అని రాశారు. ఏ నూనె, ఎంత తగ్గించాలి అన్నది ఆయన రాయలేదు, మేమూ అడగలేదు.

అక్కడి నుంచి మా ఇంట్లో రోజూ ఇదే చర్చ. "వదినా, సంతృప్త కొవ్వు చెడ్డదన్నది పాత మాట. ఇప్పుడు పరిశోధనలే దాన్ని కొట్టేశాయి. ఈ రిఫైన్డ్ నూనెలే అసలు విషం. నెల రోజులు కొబ్బరి నూనెతో వండి చూడు" అంటాడు మరిది. అన్న మీద ప్రేమతోనే తెచ్చాడు, అందులో నాకు సందేహం లేదు. "మా అత్తగారి కాలం నుంచీ ఈ ఇంట్లో పల్లి నూనే. కొత్తవి నాకు తెలియవమ్మా" అంటారు అత్తయ్య. నాకేమో వెంటనే సన్‌ఫ్లవర్‌కు మారిపోదామని ఉండేది. ఆ ప్యాకెట్ మీద సంతృప్త కొవ్వు అంకె అన్నిటికంటే చిన్నగా కనిపిస్తుంది.

ముగ్గురం మూడు నూనెల గురించి మాట్లాడుతున్నాం కానీ, మా ఇంట్లో మనిషికి రోజుకు ఎంత సంతృప్త కొవ్వు వెళ్తోందో, అది ఎక్కడి నుంచి వస్తోందో ఎవరికీ తెలియదు. ఆ లెక్క వేయడానికి నాకు మూడు వారాలు పట్టింది. వేశాక నా అభిప్రాయం కూడా మారింది.

ఫ్రిజ్‌లో మూడు గిన్నెలు

మొదట పిల్లలకు చూపిద్దామని మూడు చిన్న గాజు గిన్నెల్లో రెండేసి చెంచాల చొప్పున కొబ్బరి, పల్లి, సన్‌ఫ్లవర్ నూనెలు పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. కొద్దిసేపటికే కొబ్బరి నూనె తెల్లగా, గట్టిగా మైనంలా పేరుకుపోయింది. తెల్లారి చూస్తే పల్లి నూనె మసకబారి, గిన్నె వంచితే బద్ధకంగా జారింది. సన్‌ఫ్లవర్ మాత్రం రాత్రి పోసినట్టే తేటగా ఉంది.

తేడా అణువుల ఆకారంలో ఉంది. కొవ్వు ఆమ్లం అంటే కార్బన్ పరమాణువుల గొలుసు. అది ఎక్కడా వంపు లేకుండా ఉంటే సంతృప్త కొవ్వు. అగరుబత్తులను కట్ట కట్టినట్టు అలాంటి గొలుసులు దగ్గరగా సర్దుకుంటాయి, అందుకే తొందరగా గడ్డకడతాయి. గొలుసులో ఒకచోట జంట బంధం ఉంటే అక్కడ వంగుతుంది. అది ఏక అసంతృప్త కొవ్వు. రెండు, అంతకంటే ఎక్కువ చోట్ల ఉంటే బహుళ అసంతృప్త కొవ్వు. వంకర పుల్లలను కట్ట కట్టడం కష్టమైనట్టే, ఇవి చల్లటి చోట కూడా ద్రవంగానే ఉంటాయి.

ఏ నూనెలోనూ ఒకటే రకం ఉండదు, పాళ్ళే తేడా. కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వే. నెయ్యిలో 60 పైన. పామోలిన్‌లో 40 పైన. ఆ తర్వాత ఒక్కసారిగా కిందికి దిగుతుంది. తవుడు నూనెలో సుమారు 22, పల్లి నూనెలో 18, నువ్వుల నూనెలో 15, సన్‌ఫ్లవర్‌లో 11. విత్తనాల రకాన్ని బట్టి అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది.

ఈ వరుసలో నన్ను ఆపింది పామోలిన్‌కూ తవుడు నూనెకూ మధ్య ఉన్న ఆ మెట్టు. దానికి పైన ఉన్నవి ఒక జాతి, కింద ఉన్నవి మరొక జాతి. కింద ఉన్న నాలుగింటి మధ్య తేడా, పై మూడింటితో పోల్చినప్పుడు చాలా చిన్నది. మనం మాత్రం బజారులో ఆ చిన్న తేడా దగ్గరే ఎక్కువసేపు నిలబడతాం.

ఫ్రిజ్ పరీక్ష గురించి ఒక జాగ్రత్త. నూనె గడ్డకట్టిందంటే కల్తీ అనీ, కట్టకపోతే స్వచ్ఛమనీ ఫోన్లలో తిరుగుతున్న మాట తప్పు. పల్లి నూనె మసకబారడానికి కారణం అందులో కొద్దిగా ఉండే చాలా పొడవైన సంతృప్త గొలుసులు. అది దాని స్వభావం. సంక్రాంతి చలిలో కొబ్బరి నూనె సీసాలోనే గడ్డకట్టడం కూడా అంతే, 24 డిగ్రీల దగ్గర అది గట్టిపడుతుంది.

గిన్నెలో గట్టిపడింది కాబట్టి రక్తనాళంలోనూ గట్టిపడుతుందని మా అబ్బాయి అనుకున్నాడు. అలా జరగదు, శరీరం లోపల వేడి 37 డిగ్రీలు. జరిగేది కాలేయంలో. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. సంతృప్త కొవ్వు ఎక్కువైతే వాటి పని తగ్గుతుంది, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతూ ఉంటుంది. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో "కొలెస్ట్రాల్ లేదు" అని రాసినా దీనికి సంబంధం లేదు. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, కొబ్బరి నూనెలోనూ పామోలిన్‌లోనూ కూడా.

లెక్క వేస్తే తేలింది

మేము ఐదుగురం. నెలకు నాలుగు లీటర్ల పల్లి నూనె. లీటరు నూనె కిలో తూగదు, సుమారు 910 గ్రాములు. అంటే నెలకు 3,640 గ్రాములు, రోజుకు 121, మనిషికి 24. పిల్లలు తక్కువ తింటారు, మా వారు ఎక్కువ తింటారు. అయినా సగటు పట్టుకుంటే మొదటి అడుగుకు సరిపోతుంది.

ఆ 24 గ్రాముల్లో 18 శాతం సంతృప్త కొవ్వు అంటే నాలుగు గ్రాముల చిల్లర. రోజుకు 2,000 కిలో క్యాలరీలు తినే మనిషికి, మొత్తం శక్తిలో 10 శాతానికి మించి సంతృప్త కొవ్వు నుంచి రాకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 200 కిలో క్యాలరీలు, గ్రాముకు 9 చొప్పున, 22 గ్రాములు. మా నూనె అందులో ఐదో వంతే.

సన్‌ఫ్లవర్‌కు మారితే నాలుగు చిల్లర కాస్తా రెండున్నర అవుతుంది. తగ్గేది గ్రామున్నర పైన కొద్దిగా. ఆహారంలోని శక్తిలో ఒక శాతం మేర సంతృప్త కొవ్వును తీసి ఆ చోట అసంతృప్త కొవ్వు పెడితే ఎల్‌డీఎల్ సుమారు రెండు మిల్లీగ్రాములు దిగుతుందని నియంత్రిత ప్రయోగాల నుంచి కట్టిన లెక్క ఒకటుంది. మా గ్రామున్నర ఆ ఒక శాతంలో ముప్పావు వంతు. అంటే ఎల్‌డీఎల్ 142 నుంచి 140కి వస్తుంది. అదే మనిషికి వారం తేడాతో రెండుసార్లు రక్తం తీసినా అంతకంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది. నేను పట్టుదలగా మార్చాలనుకున్న నూనె ఇంతే చేయగలదు.

ఇక మరిది డబ్బా. అదే 24 గ్రాములు కొబ్బరి నూనె అయితే సంతృప్త కొవ్వు దాదాపు 22 గ్రాములు. ఇంకేమీ తినకముందే రోజు వాటా అయిపోయింది. పల్లి నూనె కంటే 17 గ్రాములు ఎక్కువ. పై లెక్క ప్రకారం ఎల్‌డీఎల్ పది నుంచి పదిహేను మిల్లీగ్రాములు పెరగాలి. ఇది కాగితం మీది ఊహ కాదు. కొబ్బరి నూనెను ఇతర వంట నూనెలతో పోల్చిన ప్రయోగాలన్నిటినీ కలిపి 2020లో సర్క్యులేషన్ అనే వైద్య పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. అందులో తేలిన పెరుగుదల సగటున 10 మిల్లీగ్రాములు.

తర్వాత నెయ్యి. మాకు నెలకు కిలో కొంటాం. మనిషికి రోజుకు ఏడు గ్రాముల కంటే తక్కువే. అందులో సంతృప్త కొవ్వు నాలుగు గ్రాములు. నూనె మొత్తం కలిపి ఇచ్చేదానితో సమానం. పప్పులో ఒక చెంచా, ఆవకాయ అన్నంలో ఒక చెంచా వేసుకుంటున్నామని తెలుసు కానీ, అది ఒక నూనె డబ్బాతో సమానమని నాకు తోచలేదు.

చివరికి పాలు. రోజుకు రెండు లీటర్లు, ఫుల్ క్రీమ్. కాఫీ, టీ, పిల్లల గ్లాసులు, మిగిలింది తోడు. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం. రెండు లీటర్లలో 120 గ్రాముల కొవ్వు, అందులో సుమారు 75 గ్రాములు సంతృప్తం. ఐదుగురికి పంచితే మనిషికి 15 గ్రాములు. ఈ అంకె వచ్చినప్పుడు నేను కూడిక తప్పానేమో అనుకుని మూడుసార్లు చూసుకున్నాను. తప్పలేదు.

నూనె నాలుగు, నెయ్యి నాలుగు, పాలు పదిహేను. మొత్తం 23 గ్రాముల పైమాటే. ఇంకా బయటి తిండి కలపలేదు. మా వారు ఆఫీసు నుంచి వస్తూ ఇరానీ చాయ్‌తో రెండు ఉస్మానియా బిస్కెట్లు తింటారు. వారానికి రెండుసార్లు మిర్చి బజ్జీ పొట్లం వస్తుంది. మా వీధి బజ్జీల బండి కింద ఉండే డబ్బా మీద పామోలిన్ అని స్పష్టంగా రాసి ఉంటుంది. దుకాణంలో కొనే మిక్చర్, చిప్స్ ప్యాకెట్లు వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చూస్తే చాలావాటిలో అదే పేరు. చవకగా దొరుకుతుంది, వేడికి తొందరగా చెడదు, సరుకు కరకరలాడుతూ ఉంటుంది. అమ్మేవాళ్ళు దాన్ని వాడటంలో వింత లేదు. కానీ ఇంట్లో పల్లి నూనె పోసి వండుకుంటున్నామన్న తృప్తిలో ఈ రెండో వంటిల్లు మన లెక్కలోకి రాదు.

మరిది మాటలో నిజమెంత

అతని మాటను నేను తేలిగ్గా తీసేయలేదు. అతను చెప్పినవాటిలో నిజంగా జరిగిన పరిశోధనలున్నాయి. 2014లో ఒక పెద్ద సమీక్ష, సంతృప్త కొవ్వు ఎక్కువ తినేవారికీ తక్కువ తినేవారికీ గుండె జబ్బులో స్పష్టమైన తేడా కనిపించలేదని చెప్పింది. "వెన్న నిర్దోషి" అన్న మాట అక్కడి నుంచే ప్రపంచమంతా పాకింది.

కానీ ఒక ప్రశ్న వేయాలి. సంతృప్త కొవ్వు తగ్గించినవాళ్ళు ఆ ఆకలిని దేనితో తీర్చుకున్నారు? నెయ్యి మానేసి అన్నం ఇంకో రెండు ముద్దలు తిన్నా, వెన్న మానేసి మైదా బిస్కెట్లు తిన్నా గుండెకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. 2015లో అమెరికాలో నర్సులనూ, ఇతర వైద్య సిబ్బందినీ దశాబ్దాల పాటు అనుసరించిన అధ్యయనం దీన్ని విడదీసి చూపింది. శక్తిలో 5 శాతం మేర సంతృప్త కొవ్వు బదులు బహుళ అసంతృప్త కొవ్వు తిన్నవారిలో గుండె జబ్బు ముప్పు 25 శాతం తక్కువ. ఏక అసంతృప్త కొవ్వు తిన్నవారిలో 15 శాతం. ముడి ధాన్యాలు తిన్నవారిలో 9 శాతం. తెల్లటి పిండి, చక్కెర తిన్నవారిలో మాత్రం లాభం కనిపించలేదు. అంటే 2014 సమీక్షకూ దీనికీ వైరుధ్యం లేదు. అది "తగ్గిస్తే ఏమిటి" అని అడిగింది, ఇది "తగ్గించి ఏమి పెట్టారు" అని అడిగింది. మూడు పూటలా అన్నం తినే మాలాంటి ఇళ్ళకు రెండో ప్రశ్నే ముఖ్యం.

పరిశీలనలతో పాటు ప్రయోగాలు కూడా ఉన్నాయి. రెండేళ్ళకు తగ్గకుండా సంతృప్త కొవ్వు తగ్గించిన పదిహేను ప్రయోగాలను, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2020లో కలిపి చూసింది. గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపితే సుమారు 17 శాతం తగ్గాయి. మరణాల సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ రెండో వాక్యాన్ని మరిదికి నేనే చదివి వినిపించాను. అతని వైపు బలం ఉన్నచోట దాచడం నాకు ఇష్టం లేదు.

"కొబ్బరి నూనెలోది మధ్యస్థ గొలుసుల కొవ్వు, అది నేరుగా కాలేయానికి వెళ్ళి కాలిపోతుంది" అన్నది అతని రెండో వాదన. నేరుగా కాలేయానికి చేరేవి ప్రధానంగా ఎనిమిది, పది కార్బన్ల గొలుసులు. కొబ్బరి నూనెలో అవి తక్కువ. సగం దాకా ఉండేది పన్నెండు కార్బన్ల లారిక్ ఆమ్లం. అందులో ఎక్కువ భాగం పొడవైన కొవ్వుల దారిలోనే, పేగు నుంచి శోషరస నాళాల ద్వారా రక్తంలోకి వెళ్తుంది. ఆ పొట్టి గొలుసులతోనే చేసి ఆస్పత్రుల్లో వాడే ఎంసీటీ నూనె మీద జరిగిన ప్రయోగాల ఫలితాలను తెచ్చి కొబ్బరి నూనెకు అంటగట్టడం సరికాదు. లారిక్ ఆమ్లం మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌ను కూడా పెంచుతుంది, అది నిజమే. కానీ హెచ్‌డీఎల్‌ను పెంచే మందులు గుండెపోట్లను ఆపలేకపోయాయి కాబట్టి, పెరిగిన ఎల్‌డీఎల్‌కు అది పరిహారమవుతుందని నేను నమ్మలేను.

రిఫైన్డ్ నూనెల్లోని ఒమేగా-6 శరీరంలో వాపు పుట్టిస్తుందన్నది మూడోది. ఒమేగా-6లో ప్రధానమైన లినోలిక్ ఆమ్లం ఎక్కువ ఇచ్చి రక్తంలో వాపు సూచికలు కొలిచిన ప్రయోగాల్లో అవి పెరగలేదు. అయినా నాకు ఒక సందేహం మిగిలింది, అది మరిది చెప్పనిది. 1960ల్లో సిడ్నీలో మొదలైన ఒక ప్రయోగంలో సంతృప్త కొవ్వు తీసి కుసుమ నూనె ఇచ్చారు. అప్పటి వివరాలను 2013లో తిరిగి లెక్కగడితే, కుసుమ నూనె తిన్నవారిలోనే మరణాలు ఎక్కువని తేలింది. అందులో వెన్నకు బదులు వాడిన ఆ కాలపు మార్గరిన్‌లో ట్రాన్స్ కొవ్వు ఉండి ఉండవచ్చన్న అభ్యంతరం ఉంది. కానీ కుసుమ నూనెలో నాలుగింట మూడు వంతులు లినోలిక్ ఆమ్లమే, ఒమేగా-3 దాదాపు లేదు. మిగతా ప్రయోగాలను కలిపి చూస్తే అవి అసంతృప్త కొవ్వు వైపే ఉన్నా, ఒక్క రకం గొలుసుతో కడుపు నింపడం మంచిది కాదన్న అనుమానం నన్ను సన్‌ఫ్లవర్ ఒక్కదానికే మారకుండా ఆపింది. పల్లి నూనెలో సగం దాకా ఏక అసంతృప్తం, మూడో వంతు బహుళ అసంతృప్తం. మధ్యే మార్గంలా ఉంది.

గానుగ, మూకుడు

మరిదితో కలిసి ఆ గానుగకు కూడా వెళ్ళాను. కరెంటుతో తిరిగే చెక్క గానుగ, కమ్మటి పల్లీల వాసన. "ఇది గానుగది కాబట్టి కొబ్బరి నూనె అయినా ఏమీ కాదు" అని అక్కడ ఒకాయన భరోసాగా చెప్పారు. ఈ పొరపాటు చాలామందిలో ఉంది. గానుగలో తీసినా, యంత్రంలో తీసి రిఫైన్ చేసినా గొలుసులు మారవు. కొబ్బరిలోని 90 శాతం 90గానే ఉంటుంది, పల్లీలోని 18 శాతం 18గానే ఉంటుంది. మారేవి వాసన, రంగు, విటమిన్ ఇ లాంటి కొన్ని సూక్ష్మ పదార్థాలు. రిఫైన్ చేస్తే అవి కొంత పోతాయి.

గానుగ పల్లి నూనెలో చూసుకోవలసింది వేరే ఉంది. తడికి బూజు పట్టిన పల్లీల్లో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయానికి హానికరం. చాలా భాగం పిండి చెక్కలోనే ఉండిపోయినా కొంత నూనెలోకి దిగుతుంది. రిఫైన్ చేసేటప్పుడు అది పోతుంది, గానుగలో పోదు. అందుకే నూనె వాసన కంటే ముందు పల్లీల బస్తా చూడాలి. నేను గుప్పెడు తీసి చూశాను. ముడతలు పడినవి, నల్లబడినవి, పచ్చటి బూజు చార ఉన్నవి ఏరకుండానే అందులో ఉన్నాయి. అడిగితే "నూనెలో తెలియదమ్మా" అన్నారు. ఆ మాట చాలు, అక్కడ పల్లి నూనె కొనలేదు. ఇంకో గుర్తు ధర. చెక్క గానుగలో లీటరు నూనెకు రెండున్నర కిలోల దాకా పల్లీలు కావాలి. మిగిలిన పిండి చెక్క అమ్మితే కొంత తిరిగి వస్తుంది. ఆ పల్లీల ధర కంటే బాగా తక్కువకు గానుగ నూనె ఇస్తున్నారంటే, అందులో మరో నూనె కలిసిందేమోనని అనుమానించడం న్యాయమే.

రెండోది వేపుడు. జంట బంధం ఉన్నచోటే ఆక్సిజన్ వచ్చి పట్టుకుంటుంది. ఒక గొలుసులో రెండు జంట బంధాలుంటే, ఒకటి ఉన్నదానికంటే ఎన్నో రెట్లు వేగంగా చెడుతుంది. సన్‌ఫ్లవర్‌లో అలాంటివి అరవై శాతం. పోపుకూ కూరకూ అయితే పది నిమిషాల పని కాబట్టి ఫరవాలేదు. గంటల తరబడి మూకుడులో మరిగించడానికి అది సరైన నూనె కాదు. పామోలిన్ వేడికి తట్టుకునేది ఈ కారణానికే. ఈ ఒక్క విషయంలో సంతృప్త కొవ్వుకు నిజంగానే పైచేయి ఉంది.

పోయిన సంక్రాంతికి సకినాలు చేసినప్పుడు రెండు లీటర్లు మూకుడులో పోశాం. రెండో వాయి దాకా నూనె మీద పెద్ద బుడగలు లేచి అణిగిపోయేవి. ఐదారు వాయిల తర్వాత సన్నటి నురుగు పట్టి, సకినం తీసినా అణగలేదు. రంగు తేనెలా మారింది. మంట పెంచకుండానే పొగ వచ్చింది. చల్లారాక గరిటె అంచుకు జిగురు అంటింది. ఇవన్నీ నూనె విరిగిపోతోందనడానికి గుర్తులు. నురుగు అణగకపోవడం, తక్కువ మంటకే పొగ రావడం కనిపిస్తే ఆ నూనె పని అయిపోయినట్టే. అత్తయ్య దాన్ని వడగట్టి తర్వాతి నెల నూనెలో కలుపుతూ ఉండేవారు. పారేయడానికి ఆమెకు మనసు ఒప్పదు, నేను ఆమెను తప్పు పట్టను. కానీ చెడిన నూనె కొత్త నూనెలో కలిస్తే కొత్తదాన్ని కూడా తొందరగా పాడుచేస్తుంది. దుకాణాల్లో ఇలా చెడిన పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వాడకూడదని నిబంధన ఉంది. ఇంట్లో కొలిచే సాధనం లేదు, కాబట్టి ఈ గుర్తులే మనకు కొలత. ఇప్పుడు మూకుడులో నాలుగు వంతులకు బదులు ఒక వంతు నూనె పోసి తక్కువ తక్కువగా వేయిస్తున్నాం. ఒకసారి కాగినది బాగుంటే రెండు మూడు రోజుల్లో కూరలకు వాడేస్తున్నాం. రెండోసారి మూకుడులోకి వెళ్ళదు.

మార్చినవి

పల్లి నూనె అలాగే ఉంది, పేరున్న ప్యాకెట్‌ది. నాలుగు లీటర్లు మూడున్నర అయింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2,000 కిలో క్యాలరీల భోజనంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. మేము అంతకుముందు 31 దగ్గర ఉండేవాళ్ళం. ప్యాకెట్ కత్తిరించిన రోజు తేదీని దాని మీద రాయడం మొదలుపెట్టాక, ఏ వారం చెయ్యి జారిందో తెలుస్తోంది. పులిహోరకూ పచ్చళ్ళకూ నువ్వుల నూనె. ఒమేగా-3 లోటుకు అవిసె గింజల పొడి, అన్నంలో రోజూ ఒక చెంచా. ఆవ నూనె కూడా అందుకు పనికొస్తుంది కానీ, ఆ ఘాటు మా ఇంట్లో ఎవరికీ పడలేదు.

నెయ్యి అరకిలోకు తగ్గింది. ఇక్కడే అత్తయ్యతో కష్టమైంది. "ఆవకాయ అన్నంలో నెయ్యి లేకపోతే అన్నమే కాదు" అన్నారు. సరేనని అక్కడ ఉంచి, పప్పులో నెయ్యి పోపు బదులు పల్లి నూనె పోపు పెట్టాను. రెండు గ్రాములు తగ్గాయి. అంటే పల్లి నుంచి సన్‌ఫ్లవర్‌కు మారితే తగ్గేదానికంటే ఎక్కువ.

పాలు ఒక లీటరు ఫుల్ క్రీమ్ పిల్లలకూ అత్తయ్యకూ ఉంచి, రెండో లీటరు టోన్డ్ చేశాను. మా వారి టీ, పెరుగు దానితోనే. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతమే కాబట్టి ఆయన వాటా సగానికి, అంటే ఏడు గ్రాముల దాకా దిగింది. ఇక్కడ నాకు పూర్తి ధీమా లేదు. పాలు, పెరుగులోని కొవ్వు వెన్న, నెయ్యిలోని కొవ్వంత హాని చేయదని, ముఖ్యంగా పెరుగు విషయంలో, చాలా అధ్యయనాలు సూచిస్తున్నాయి. అందుకే పిల్లల పాలు ముట్టుకోలేదు. ఎల్‌డీఎల్ 142 ఉన్న మనిషి విషయంలో మాత్రం రోజుకు ఏడు గ్రాములు తగ్గించే అవకాశాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ ఖాళీ అన్నంతో నిండకుండా సాయంత్రం గుప్పెడు వేయించిన పల్లీలు పెడుతున్నాను. ఉస్మానియా బిస్కెట్లు ఆదివారానికి మారాయి.

కొబ్బరి నూనె డబ్బాలో రెండు లీటర్లు తలకు రాసుకోవడానికి తీసి పెట్టాను. అవియల్ చేసిన రోజు పైన ఒక చెంచా అదే వేస్తాను, ఆ కూరకు ఆ రుచి కావాలి. మిగిలిన మూడు లీటర్లు మరిది తీసుకెళ్ళాడు. అతని ఇంట్లో ఆరు నెలలుగా అదే వంట నూనె. రక్త పరీక్ష ఎప్పుడు చేయించావని అడిగితే, మూడేళ్ళ కిందట అన్నాడు. మా లెక్క రాసిన కాగితం ఫోటో తీసుకుని, ఈ శనివారం పరగడుపున వెళ్తానన్నాడు. మా వారి రెండో పరీక్షకు ఇంకా ఎనిమిది వారాలుంది.